తీసేసిన మోడ్ గ్యారేజీలో దాక్కుంది: యూరో ట్రక్ సిమ్యులేటర్ 2

దొరికింది! వారమంతా ఆటను కూలుస్తున్న అసలు దోషి చివరికి దొరికింది. వేరే మోడ్లన్నీ సజావుగానే ఉన్నాయి. ప్రోమోడ్స్ మ్యాపు ఎక్కింది, వాన మోడ్ పనిచేస్తోంది, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. నన్ను వేధించింది స్కానియా ఎస్ క్యాబిన్‌లో అలంకరణ వస్తువులు పెట్టే ఒక చిన్న మోడ్.

దాని తయారీదారు కొత్త వెర్షన్‌కు మార్చడం మానేశారు కాబట్టి తీసేయాలనుకున్నాను. పద్ధతి ప్రకారమే చేశాను: చేతిలో ఉన్న సరుకు దించి, ప్రాగ్ గ్యారేజీలో లారీ నిలిపి, సర్వీసులో ఆ వస్తువులన్నీ ఊడదీసి, సేవ్ చేసి, మోడ్ ఆపేశాను. సేవ్ తెరుచుకుంది, రోడ్డు మీద ఇబ్బంది లేదు. గ్యారేజీ మేనేజర్ తెరిస్తే మాత్రం ఆట హఠాత్తుగా మూసుకుపోతోంది. ప్రతిసారీ అక్కడే.

మొదట మోడ్ల వరుసను అనుమానించాను. మేనేజర్‌లో పైన ఉన్నదే కింద ఉన్నదాన్ని తొక్కేస్తుంది కదా. వరుస మార్చినా తేడా లేదు. తర్వాత స్టీమ్ క్లౌడ్ పాత సేవ్‌ను వెనక్కి తెస్తోందేమో అనుకున్నాను. ఒక సంగతి ఇక్కడ చెప్పాలి: క్లౌడ్ వాడే ప్రొఫైలు డాక్యుమెంట్స్‌లోని `profiles` ఫోల్డరులో ఉండదు, స్టీమ్‌లోని `userdata` కింద `227300\remote\profiles`లో ఉంటుంది. డాక్యుమెంట్స్‌ను మాత్రమే కాపీ చేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లకు అసలు ప్రొఫైలు బ్యాకప్ కానట్టే. నేను క్లౌడ్ ఆపి చూశాను. అదీ కారణం కాదు.

ఇక `game.log.txt` తెరిచాను. ఆట కూలిన వెంటనే, మళ్లీ ప్రారంభించకముందే దీన్ని వేరేచోటికి కాపీ చేసుకోవాలి, లేకపోతే కొత్త లాగ్ పాతదాన్ని చెరిపేస్తుంది. చివరి `<ERROR>` వరుసల్లో తీసేసిన మోడ్‌కు చెందిన దారే కనిపించింది. నా లారీలో ఆ వస్తువులు లేవు. మరి ఎవరు అడుగుతున్నారు?

సేవ్ ఫైలు లోపల చూడక తప్పలేదు. మామూలుగా `game.sii`ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఆట మూసి ఉన్నప్పుడు `config.cfg`లో ఈ వరుస మార్చాలి (తెరిచి ఉండగా మారిస్తే ఆట బయటికి వచ్చేటప్పుడు తన పాత విలువలనే రాసేస్తుంది):

```
uset g_save_format "2"
```

మోడ్‌ను మళ్లీ చేర్చి, కొత్తగా సేవ్ చేస్తే ఫైలు చదవగలిగే అక్షరాల్లో వచ్చింది. `data_path` అన్న వరుసల్లో ఆ మోడ్ పేరు వెతికితే కొన్ని దొరికాయి. అవి నా లారీవి కావు. కొత్త లారీ కొన్నప్పుడు పాత స్కానియాను జీతానికి పెట్టుకున్న డ్రైవరుకు అప్పగించాను. డాష్‌బోర్డు మీది బొమ్మలతో సహా అది అతని చేతికి వెళ్లింది! గ్యారేజీ తెర ఆ లారీ వివరాలు చూపించబోయి, లేని ఫైలు దగ్గర ఆట కూలుతోందని నా ఊహ. రోడ్డు మీద ఆ లారీని చూపించాల్సిన పని లేదు కాబట్టే అక్కడ బాగానే నడిచింది.

ఆ వరుసలను చేత్తో చెరిపేయాలన్న ఆలోచన రాకపోలేదు. కానీ లారీకి `accessories: 23` లాంటి లెక్క ఒకటి, దాని కింద వరుస నంబర్లు ఉంటాయి. ఒకటి తీస్తే లెక్క తగ్గించాలి, మిగతా నంబర్లన్నీ సర్దాలి, ఎక్కడ తప్పినా సేవ్ తెరుచుకోకపోవచ్చు. ఆట చేతే చేయించడం మేలు. మోడ్ ఉండగానే ఆ స్కానియాను నేను తీసుకుని, సర్వీసుకు తీసుకెళ్లి వస్తువులు తీసేసి, డ్రైవరుకు తిరిగిచ్చి, సేవ్ చేసి, ఫైలులో మళ్లీ వెతికాను. ఒక్క వరుస కూడా మిగలలేదు. ఆ తర్వాతే మోడ్ తీశాను. గ్యారేజీ తెరుచుకుంది.

ఇకపై లారీకి తగిలించే మోడ్ ఏది తీయాలన్నా ముందు ఈ వెతుకులాటే. మ్యాపుల విషయంలో నా ఓటు ఎప్పుడూ `mod` ఫోల్డరులో స్వయంగా పెట్టుకునే ఫైలుకే. వర్క్‌షాప్ మోడ్ నన్ను అడగకుండానే మారిపోతుంది, పాతది కావాలంటే దొరకదు. ప్రోమోడ్స్ ముక్కలు ముక్కలుగా దించుకోవడం విసుగే, అయినా ఏ ఆట వెర్షన్‌కు ఏది సరిపోతుందో స్పష్టంగా రాస్తారు.

ఆటకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు స్టీమ్‌లోని `Betas` ట్యాబులో పాతదాన్నే ఎంచుకుని, మ్యాపు సిద్ధమయ్యేదాకా అక్కడే ఆగుతాను. ఈలోగా ఒక ఖాళీ ప్రొఫైలు తెరిచి, ఈ సేవ్ ఫోల్డరును దాని `save`లోకి కాపీ చేసి, మోడ్లను సగం సగం తీస్తూ ప్రయోగాలన్నీ అక్కడే చేయాలి. మొదట పరీక్షించాల్సింది ట్రాఫిక్ మోడ్. దాని మీద నాకు ఎప్పటినుంచో అనుమానం ఉంది.