రేటు పెంచాను, సమ్మర్ సేల్ పోయింది: లాగ్ 14

జూన్ 27, 2025

నిన్న రాత్రి స్టీమ్ సమ్మర్ సేల్ మొదలైంది, అందరి గేముల మీద పచ్చ డిస్కౌంట్ డబ్బా మెరుస్తోంది, నా గేమ్ మాత్రం ఫుల్ రేటుతో బిక్కమొహం వేసుకుని కూర్చుంది. తప్పు నాదే.

లాంచ్ బానే అయింది. మే 6న రిలీజ్, 7.99 డాలర్లు, వారం రోజులు 15 శాతం తగ్గింపు. లాంచ్‌కి 40 శాతం దాకా ఇవ్వొచ్చు గానీ మొదటి రోజే అంత కోసేస్తే ముందు ముందు తగ్గించడానికి ఏం మిగలదని నా ఫీలింగ్. విష్‌లిస్ట్ వాళ్ళకి రిలీజ్ మెయిల్ ఎలాగూ వెళ్తుంది.

గొడవంతా రూపాయల రేటుతోనే. మనవాళ్ళు కొనాలని స్టీమ్ చెప్పిన రేటు పక్కనపెట్టి 199 పెట్టా. జీఎస్టీ 18 శాతం ఆ 199 లోపలే ఉంటుందని అప్పుడు తట్టలేదు, అమెరికాలో అయితే టాక్స్ రేటు మీద విడిగా పడుతుంది కదా. 199ని 1.18తో భాగిస్తే 168 చిల్లర, అందులో స్టీమ్ 30 శాతం పోతే 118. లాంచ్ వారంలో అయితే కాపీకి సరిగ్గా వంద! 299 చేస్తే 177 వస్తుంది.

అందుకని జూన్ 10న 299 చేశా, అదే ఊపులో పోలాండ్ జ్వోటీ రేటు ఎక్కువుందనిపించి తగ్గించా. లాంచ్ డిస్కౌంట్ మే 13న అయిపోయింది, దాని తర్వాత 30 రోజులు ఆగాలి, అంటే జూన్ 12 దాకా, సేల్ 26న, బోలెడు టైముంది అనుకున్నా. కానీ ఏ ఒక్క కరెన్సీలో రేటు పెంచినా 30 రోజులు డిస్కౌంట్ ఇవ్వడం కుదరదు, అదీ ఆ దేశంలోనే కాదు, అన్ని దేశాల్లోనూ. తగ్గిస్తే ఏం కాదు, జ్వోటీ వల్ల ఇబ్బందేం లేదు, ముంచింది రూపాయే. మామూలుగా రెండు డిస్కౌంట్ల మధ్య ఉండే 30 రోజుల గ్యాప్ సీజన్ సేల్‌కి అడ్డురాదు గానీ ఈ రూల్‌కి ఆ మినహాయింపు లేదు. జూన్ 10కి 30 రోజులు కలిపితే జూలై 10. సేల్ ముగిసేది కూడా జూలై 10నే, నా టైమింగ్‌కి దండం పెట్టాలి.

ఇంకో కామెడీ ఏంటంటే, సేల్ డిస్కౌంట్ ముందే షెడ్యూల్ చేసుకుని ఉంటే అసలు రేటు మార్చనిచ్చేదే కాదు, బతికిపోయేవాడిని. మళ్ళీ 199కి దించితే తాళం వదుల్తుందేమో అనుకున్నా గానీ రేటు పైకీ కిందకీ ఆడిస్తే కొన్నవాళ్ళు తిడతారని ట్రై చేయలేదు.

ఇక ఆటమ్ సేల్, సెప్టెంబర్ 29. ఈసారి 20 శాతం ఇస్తా, కనీసం 20 ఉంటేనే విష్‌లిస్ట్ వాళ్ళకి డిస్కౌంట్ మెయిల్ వెళ్తుంది, 15తో వెళ్ళదు. రేట్లు ఇంకేమైనా పెంచాలంటే ఆగస్టులోనే. తర్వాతి గేమ్‌కి మాత్రం రూపాయి రేటు జీఎస్టీ తీసేసి లెక్కేశాకే పెడతా, బహుశా మొదటి నుంచే 349.