ప్లగ్ తీశాకే బకెట్ ముట్టుకోవాలి

ఈ రోజు పొద్దంతా అరచేతి వెడల్పు కాగితం ఒక్కదానితోనే సరిపోయింది. బకెట్‌లో పెట్టి నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్‌తో పాటు అట్టపెట్టెలో వచ్చే కాగితం అది. ఆంగ్లంలోని హెచ్చరికలకు ఎవరో ఇదివరకే చేసిన తెలుగు ఉంది. దాన్ని సరిచూడమని నాకు పంపారు.

అందులో ముఖ్యమైన వాక్యం ఇలా ఉంది: ‘దయచేసి హీటరు పనిచేయుచున్నప్పుడు నీటిని తాకకండి. విద్యుదాఘాతము సంభవించు అవకాశము కలదు.’ మూలంలో ఉన్న అర్థమంతా ఇందులో ఉంది, భయం మాత్రం లేదు. ‘దయచేసి’ అనగానే అది మర్యాద కోసం చేసే మనవి అయిపోయింది. ‘అవకాశం’ అంటే మనకు ఉద్యోగమో, చదువో దొరికే సందు గుర్తుకొస్తుంది. చావు గురించి చెప్పేటప్పుడు ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ‘తాకకండి’. ఒక్క ‘క’ జారిపోతే అది ‘తాకండి’ అవుతుంది. ఈ కాగితం మీద అక్షరాలు చీమలంత ఉంటాయి, అచ్చు కూడా పలచగా పడుతుంది. పైగా తెలుగులో వద్దన్న సంగతి వాక్యం చివరి క్రియలోనే తెలుస్తుంది. తడి చేతులతో, మసక వెలుతురులో చదివే మనిషి ప్రాణాన్ని ఆ ఒక్క అక్షరం మీద ఎలా వదిలేస్తాం? ‘ముట్టుకోవద్దు’ అని రాశాను. అందులో ‘వద్దు’ విడిగా కనబడుతుంది, విడిగా వినబడుతుంది.

మధ్యాహ్నం వరకూ తేలనిది రెండో హెచ్చరిక. రాడ్‌ను నీళ్ళలోంచి తీసే ముందు కరెంటు నుంచి విడదీయాలని మూలం. పాత అనువాదంలో ‘విద్యుత్ సరఫరాను నిలిపివేసి’ అని ఉంది. ఎదురింటి పిన్నిగారిని పిలిచి చదివించాను. “దీన్ని బట్టి మీరు ఏం చేస్తారు పిన్నిగారూ?” అని అడిగాను. “స్విచ్ ఆపేస్తానమ్మా, ఇంకేముంది” అన్నారు.

అది చాలదు. స్విచ్ కరెంటును తెచ్చే ఫేజ్ తీగను తెంపాలి. కొన్ని ఇళ్ళలో వైరింగ్ తారుమారై, స్విచ్ కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్‌ను తెంపుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా రాడ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. నీళ్ళు వేడెక్కవు కాబట్టి ఆగిపోయిందనే అనుకుంటాం. రాడ్ పైగొట్టం ఎక్కడైనా చిల్లిపడి, ఎర్త్ కూడా సరిగా లేకపోతే ఆ కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. అందుకే ప్లగ్ అన్న మాట అక్కడ ఉండి తీరాలి: ‘ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. ఆ తరువాతే రాడ్‌ను బయటికి తీయండి.’ చేయవలసిన వరుసలోనే చెప్పడం తెలుగుకు సహజం కాబట్టి ఈ వాక్యానికి పెద్దగా కష్టపడలేదు. మళ్ళీ చదివిస్తే పిన్నిగారు ప్లగ్ పీకుతున్నట్టు చేత్తో చూపించారు. ఆ సైగ చూశాక గాని నాకు నమ్మకం కుదరలేదు.

బలం పెంచడంలోనూ హద్దు ఉంది. ఇలాంటి పత్రాల్లో హెచ్చరిక మొదట్లో పెట్టే మాటకు మెట్లు ఉంటాయి. తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో ఖాయమైన చోట ‘అపాయం’, కావచ్చన్న చోట ‘హెచ్చరిక’, చిన్న గాయాలకు ‘జాగ్రత్త’. ఈ మూలంలో ఉన్నది రెండో మెట్టు. ‘ప్రాణం పోతుంది’ అని రాయాలని చేయి లాగింది. కానీ అన్నిటికీ పై మెట్టు వాడేస్తే, నిజంగా ఆ మెట్టున ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. చివరికి ఇలా నిలిచింది:

‘హెచ్చరిక: షాక్ కొట్టి ప్రాణం పోవచ్చు. ప్లగ్ తీసేవరకు నీళ్ళను ముట్టుకోవద్దు. బకెట్‌ను ముట్టుకోవద్దు.’

నీళ్ళనూ బకెట్‌నూ ఒకే వాక్యంలో కలిపితే ఒక ‘వద్దు’ మిగిలేది. కావాలనే రెండుసార్లు రాశాను. ఇనుప బకెట్ వాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, వేడెక్కిందో లేదో అని వేలు ముంచి చూసే అలవాటు అయితే మరీ ఎక్కువ.

సాయంత్రం అచ్చు చూసేవారు ఫోను చేశారు. తెలుగు రెండు వరుసలు ఎక్కువైందట, ‘ప్రాణం పోవచ్చు’ తీసేస్తే సరిపోతుందట. ఒప్పుకోలేదు. ఎందుకు ముట్టుకోకూడదో తెలియని మనిషి తొందరలో ముట్టుకుంటాడు. కింద కొనుగోలుదారులకు కృతజ్ఞతలు చెప్పే మూడు వరుసలు ఉన్నాయి, వాటిని తీసేయమన్నాను. ‘ముట్టుకోవద్దు’ను వరుస చివర విరగ్గొట్టవద్దని కూడా చెప్పాను. అచ్చుకు వెళ్ళే ముందు పేజీ నాకు పంపుతామన్నారు. సోమవారం చూడాలి.