నాట్ ఓన్లీ – బట్ ఆల్సో: రెండు వైపులా ఏది సమానంగా ఉండాలి?

ఎస్ఎస్‌సి సీజీఎల్ టైర్-2 కోసం తిరుపతి బాలాజీ కాలనీలో గది తీసుకుని చదువుతున్న రోజుల్లో, ఇంగ్లిష్ మాక్ టెస్టుల్లో నేను మిగతా వ్యాకరణాంశాలన్నీ ఒక దారికి తెచ్చుకున్నా, 'నాట్ ఓన్లీ – బట్ ఆల్సో' వాక్యం వచ్చిన ప్రతిసారీ తప్పు జవాబే పెడుతూ వచ్చాను. ఆ పేపరులో సరైన జవాబుకు 3 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. కాబట్టి ఈ ఒక్క ప్రశ్న దగ్గర సరైన జవాబుకూ తప్పు జవాబుకూ మధ్య తేడా 4 మార్కులు. నియమాలు నాకు తెలియకపోలేదు. తెలిసిన రెండు నియమాలు నా మనసులో ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడమే అసలు ఇబ్బంది అని చాలా ఆలస్యంగా గ్రహించాను.

నన్ను దెబ్బతీసిన వాక్యాన్నే తీసుకుంటాను. 'నాట్ ఓన్లీ ద క్లర్క్ లాస్ట్ మై రిసీట్ బట్ హి ఆల్సో రిఫ్యూజ్డ్ టు టేక్ ఎ న్యూ ఫారం' అని ఇచ్చి, దీన్ని సరిదిద్దమన్నారు. మొదటి ఐచ్ఛికంలో 'నాట్ ఓన్లీ డిడ్ ద క్లర్క్ లాస్ట్' అని మొదలై మిగతాదంతా అలాగే ఉంది. రెండో దానిలో 'నాట్ ఓన్లీ డిడ్ ద క్లర్క్ లూజ్ మై రిసీట్ బట్ ఆల్సో డిడ్ హి రిఫ్యూజ్' అని ఉంది. మూడో దానిలో 'నాట్ ఓన్లీ డిడ్ ద క్లర్క్ లూజ్ మై రిసీట్ బట్ హి ఆల్సో రిఫ్యూజ్డ్' అని ఉంది. నాలుగోది మార్పు అక్కరలేదన్నది. 'నాట్ ఓన్లీ' వాక్యం మొదట్లో వస్తే సహాయక క్రియ కర్త కంటే ముందుకు రావాలని నాకు తెలుసు కాబట్టి నాలుగోది కొట్టేశాను. 'డిడ్' తర్వాత క్రియ మూలరూపంలోనే ఉండాలి కాబట్టి 'లాస్ట్' ఉన్న మొదటిదీ పోయింది. మిగిలిన రెండింటిలో, ఇటు 'డిడ్' ఉంటే అటు కూడా 'డిడ్' ఉండాలి, అదే సమానత్వం అనుకుని రెండోది ఎంచుకున్నాను. సరైన జవాబు మూడోది.

సమానత్వం అంటే రెండు వైపులా ఒకే వర్గానికి చెందిన భాగం ఉండటం. నామవాచకానికి ఎదురుగా నామవాచకం, విశేషణానికి ఎదురుగా విశేషణం, పూర్తి ఉపవాక్యానికి ఎదురుగా పూర్తి ఉపవాక్యం ఉండాలి. పదాల వరుస కూడా ఒకేలా ఉండాలని దాని అర్థం కాదు. వరుసను తారుమారు చేసేది ముందుకు వచ్చిన 'నాట్ ఓన్లీ' ఒక్కటే, దాని ప్రభావం మొదటి ఉపవాక్యంతోనే ఆగిపోతుంది. 'బట్' దాటిన తర్వాత వాక్యం మామూలు వరుసకు, అంటే ముందు కర్త, తర్వాత క్రియ అనే వరుసకు తిరిగి వస్తుంది. అందుకే 'నాట్ ఓన్లీ డజ్ షి టీచ్ బట్ షి ఆల్సో సింగ్స్' అన్న వాక్యంలో మొదటి వైపు 'ఎస్' అనే ప్రత్యయం 'డజ్'లోకి వెళ్లిపోయి 'టీచ్' ఖాళీగా మిగిలితే, రెండో వైపు 'డజ్' లేదు కాబట్టి 'సింగ్స్' తన 'ఎస్'ను తానే మోస్తుంది. పైకి 'టీచ్', 'సింగ్స్' అసమానంగా కనిపించినా రెండూ వర్తమానకాలంలో ఉన్న పూర్తి ఉపవాక్యాలే. ఈ తేడాను చూసి కంగారుపడి 'సింగ్' అని దిద్దడం మన గదుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు. 'ఈజ్', 'హాజ్', 'కెన్' వంటివి ముందే ఉంటే 'డిడ్' అవసరం లేదు, వాటినే కర్త కంటే ముందుకు తెస్తే చాలు.

ఇంతవరకు కుదిరాక మరో ఉచ్చు ఎదురైంది. 'నాట్ ఓన్లీ ద క్లర్క్ బట్ ఆల్సో ద ఆఫీసర్స్ వర్ ఆబ్సెంట్' అన్న వాక్యం కూడా 'నాట్ ఓన్లీ'తోనే మొదలవుతుంది, కాని ఇందులో వరుస మారదు. దీన్ని పోల్చుకోవడానికి నాకు తెలుగే సాయపడింది. వాక్యాన్ని తెలుగులో అనుకుని 'ఏ కాక' అన్నది ఏ మాటకు అంటుకుంటోందో చూడడం మొదలుపెట్టాను. 'గుమాస్తానే కాక అధికారులు కూడా రాలేదు' అన్నప్పుడు అది మనిషికి, అంటే నామవాచకానికి అంటుకుంది, కాబట్టి వరుస మారదు. 'గుమాస్తా రసీదు పోగొట్టడమే కాక కొత్త ఫారం తీసుకోవడానికి కూడా నిరాకరించాడు' అన్నప్పుడు అది పోగొట్టడం అనే పనికి అంటుకుంది, కాబట్టి 'నాట్ ఓన్లీ' మొదట్లో ఉంటే సహాయక క్రియ ముందుకు రావాల్సిందే. తెలుగులో వరుస మార్చే అలవాటు లేదు కాబట్టే 'నాట్ ఓన్లీ ద క్లర్క్ లాస్ట్' అన్నది మన చెవికి తప్పుగా వినిపించదు. ఇక్కడ చెవిని నమ్మకూడదు.

పరీక్షలో అనువాదానికి సమయం లేకపోతే 'బట్' కంటే ముందు ప్రధాన క్రియ ఉందా అని చూస్తాను. ఉంటే వరుస మారాలి, లేకపోతే మారకూడదు. అయితే 'నాట్ ఓన్లీ ద స్టూడెంట్స్ హూ లివ్ ఇన్ ద హాస్టల్ బట్ ఆల్సో దెయిర్ పేరెంట్స్' లాంటి చోట కనిపించే 'లివ్' ఆ 'హూ'కు చెందినది, ప్రధాన క్రియ కాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇలా రెండు కర్తలు జతగా వచ్చినప్పుడు క్రియ దగ్గరి కర్తను అనుసరిస్తుంది. అందుకే పై గుమాస్తా వాక్యంలో 'వర్' వచ్చింది. కర్తలను తారుమారు చేసి 'నాట్ ఓన్లీ ద ఆఫీసర్స్ బట్ ఆల్సో ద క్లర్క్' అంటే 'వజ్' రావాలి.

'నాట్ ఓన్లీ' వాక్యం మధ్యలో ఉన్నప్పుడు వరుస గురించి ఆలోచించే పనే లేదు, అప్పుడు మిగిలేది సమానత్వం ఒక్కటే. మా గదిలో చిత్తూరు నుంచి వచ్చిన మిత్రుడు ఉండేవాడు. సరిహద్దు ప్రాంతంవాడు కావడంతో తెలుగు, తమిళం రెండూ ధారాళంగా మాట్లాడేవాడు. అతని మీదే ఒక వాక్యం రాసి పరీక్షించుకునేవాళ్లం: 'హి ఈజ్ ఫ్లూయెంట్ నాట్ ఓన్లీ ఇన్ తెలుగు బట్ ఆల్సో తమిళ్'. ఒకరోజు అతను, "అన్నా, ఇందులో తప్పేముంది, అర్థం తెలుస్తోంది కదా" అన్నాడు. అర్థం తెలుస్తుంది, కాని 'నాట్ ఓన్లీ' పక్కన 'ఇన్' ఉంది, 'బట్ ఆల్సో' పక్కన లేదు. దీన్ని రెండు విధాలుగా దిద్దవచ్చు. 'బట్ ఆల్సో ఇన్ తమిళ్' అని రెండో వైపు కూడా 'ఇన్' చేర్చవచ్చు. లేదా 'ఇన్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో తమిళ్' అని ఒకే 'ఇన్'ను జత కంటే ముందుకు జరపవచ్చు. జత బయట ఉన్న మాట రెండు వైపులకూ వర్తిస్తుంది, లోపల ఉన్న మాట తన వైపుకే వర్తిస్తుంది. ఇది అర్థమయ్యాక 'హి ఈజ్ నాట్ ఓన్లీ ఫ్లూయెంట్ ఇన్ తెలుగు బట్ ఆల్సో స్పీక్స్ తమిళ్' ఎందుకు తప్పో అతనే చెప్పాడు: 'ఈజ్' బయటే ఉండిపోయింది కాబట్టి లోపల విశేషణానికి ఎదురుగా క్రియ పడింది.

'బట్ ఆల్సో' రెండు మాటలూ పక్కపక్కన లేకపోవడాన్ని మాత్రం తప్పుగా గుర్తించకండి. పూర్తి ఉపవాక్యం వచ్చినప్పుడు 'బట్ హి ఆల్సో' అని కర్త మధ్యలో రావడం సహజమే. 'ఆల్సో' బదులు చివర 'యాజ్ వెల్' రావడం కూడా మంచి ఇంగ్లిషే. దోషం కనిపెట్టే ప్రశ్నలో ఇలాంటి చోట అనుమానం వస్తే, నేను ముందు మిగతా భాగాల్లో 'డిడ్' తర్వాత భూతకాల రూపం గాని, జతలో ఒక వైపే ఉన్న 'ఇన్' గాని, దూరపు కర్తను అనుసరించిన క్రియ గాని ఉందేమో వెతికి, ఏదీ దొరకకపోతేనే దోషం లేదన్న ఐచ్ఛికాన్ని ఎంచుకునేవాణ్ణి.