కార్జం, గుండెకాయ, ఆఠీను

ఆదివారం.

పొద్దున మటన్ దుకాణంలో వరుస పెద్దదిగా ఉంది. నిలబడక తప్పలేదు కాబట్టి కొట్టేవాడి చేతుల వైపే చూస్తూ ఉండిపోయాను. ముందుగా కార్జం తీశాడు. దాన్ని అంటుకుని ఉన్న పచ్చటి చేదు తిత్తిని కత్తి మొనతో ఎంత జాగ్రత్తగా వేరు చేశాడో! అది పగిలితే కార్జమంతా చేదెక్కి పారేయాల్సిందే. తర్వాత, "గుండెకాయ కూడా వేయమంటారా అండీ?" అని ఎత్తి చూపించాడు. పిడికిలంత ఉంది. ఒక పక్కకు ఒరిగిన శంకువులా, పైన తెల్లటి కొవ్వు, కోసేసిన గొట్టాల మొదళ్లు. పక్క గోడ మీద స్వీట్ల దుకాణం వాళ్లు వేయించిన ఎర్రటి ప్రేమ గుర్తు కనిపిస్తోంది. రెండింటికీ పోలిక వెతికితే దొరకడం కష్టమే.

నిజానికి చాలాకాలం పాటు మనసుకు చోటుగా పేరు పొందినది కార్జమే. లోపలి అవయవాల్లో పెద్దది అదే, నెత్తురు నిండుగా ఉండేదీ అదే. తిన్న తిండి కార్జంలోనే నెత్తురుగా మారుతుందని రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. అంతకు చాలా ముందే బాబిలోనియాలో గొర్రెను బలిచ్చి, దేవుళ్లు తమ మాటను దాని కార్జం మీదే రాస్తారని నమ్మి, దాని మడతలూ మచ్చలూ చూసి జోస్యం చెప్పేవారు. ఆ విద్యకు సంబంధించిన మట్టి నమూనా ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 1900-1600 మధ్యది, అరచేతి కన్నా కాస్త పెద్దది. పైభాగాన్ని గళ్లుగా విడదీసి, గళ్లలో చిన్న రంధ్రాలు పొడిచి, ఎక్కడ గుర్తు కనిపిస్తే ఏమి జరుగుతుందో రాసి పెట్టారు. చేదు తిత్తిని కూడా మరిచిపోలేదు. పొద్దున చూసిన కార్జం కళ్లలో మెదులుతుంటే ఆ నమూనా బొమ్మను ఇట్టే గుర్తుపట్టవచ్చు.

ఈ చేదు తిత్తి వల్లే కాబోలు, రోమన్లు అసూయను కూడా అక్కడే పెట్టారు. తన ప్రియురాలు లిడియా మరొకడి మెడనూ చేతులనూ మెచ్చుకుంటుంటే తన కార్జం పైత్యంతో ఉబ్బి ఉడికిపోతోందని కవి హొరేస్ వాపోయాడు. హీబ్రూ వాళ్లు మనిషి లోతైన ఆలోచనలను మూత్రపిండాల్లో ఉంచారు. చైనా వైద్యం కోపాన్ని కార్జానికీ, భయాన్ని మూత్రపిండాలకూ, దుఃఖాన్ని ఊపిరితిత్తులకూ పంచింది. మనసుకు ఒకే ఇల్లు ఉండాలన్న పట్టింపు వాళ్లెవరికీ లేదు. నాకు ఈ పంపకమే నచ్చింది.

మరి గోడ మీది ఆ బొమ్మ ఎక్కడిది? 13వ శతాబ్దపు ఫ్రెంచి ప్రేమకథ ఒకదాని రాతప్రతిలో, మోకరిల్లిన ప్రేమికుడు తన హృదయాన్ని ఎత్తి ఇస్తున్నట్టు చిన్న చిత్రం ఉంది. ఆ హృదయం దేవదారు కాయలా ఉంటుంది, మొన పైకి. సుమారు 1305లో ఇటలీలోని పాదువాలో చిత్రకారుడు జొత్తో గీసిన దయాదేవత అందిస్తున్న హృదయమూ అంతే. ఆ గుండెలు దుకాణంలో చూసిన దానికే దగ్గర. పైన నొక్కు పడింది ఆ తర్వాతే, 14వ శతాబ్దంలో. దీనికి పండితులు చెప్పే ఒక కారణం నాకు సబబుగా తోచింది. గుండెలో మూడు గదులు ఉంటాయని అరిస్టాటిల్ రాశాడు. మధ్యయుగాల చిత్రకారులు శవాన్ని కోసి చూసినవాళ్లు కారు, పుస్తకంలో ఉన్నదాన్ని బట్టి గీసినవాళ్లు. మూడు గదులను చూపించబోయి పైభాగం మధ్యలో ఒక లోతు వేసి ఉంటారు.

ప్రేమ గుర్తు సిల్ఫియం అనే మొక్క కాయ నుంచి వచ్చిందన్న కథ మాత్రం నాకు మింగుడు పడదు. నేటి లిబియాలోని సైరీన్ నగరం తన నాణేల మీద ఆ మొక్క కాయను ముద్రించింది, అది అచ్చం మన ప్రేమ గుర్తులాగే ఉంటుంది. గర్భం రాకుండా వాడేవారని కూడా అంటారు కాబట్టి ప్రేమకు ముడి పెట్టడం తేలిక. అయితే ఆ మొక్క నీరో చక్రవర్తి కాలానికే దాదాపు కనుమరుగైంది, దొరికిన ఒక్క కాడను అతనికి కానుకగా పంపారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అక్కడి నుంచి ఫ్రాన్సు చిత్రకారుల దాకా వెయ్యేళ్లకు పైగా ఖాళీ. ఆ ఖాళీలో ఆ బొమ్మను మోసుకొచ్చినవాళ్లెవరో చూపించనిదే నేను నమ్మను.

గుండె నెత్తురును తిప్పే యంత్రమని ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వే 1628లో నిరూపించి, నెత్తురు తయారు చేసే గౌరవాన్ని కార్జం నుంచి లాగేసుకున్నాడు. ఆ లెక్కన గుండె కూడా ప్రేమ కొలువు నుంచి దిగిపోవాలి. కానీ ఫ్రెంచి పేకముక్కల్లో ఆఠీను గుర్తు అప్పటికే దాదాపు నూటయాభై ఏళ్లుగా చేతులు మారుతోంది.