బడ్జెట్ 212, ఉన్నది 209: అయినా ఒకరు ఎక్కువే (ఒక హెచ్ఆర్ ఆడిట్‌లో నా అనుభవం)

నేను కడపలో ఒక సీఏ ఫర్మ్‌లో పనిచేస్తాను. మాకు ఎక్కువగా జీఎస్టీ, టాక్స్ పనులే ఉంటాయి, వాటితో పాటు కొన్ని కంపెనీలకు ఇంటర్నల్ ఆడిట్ కూడా చేస్తాం. ప్రైవేటు కంపెనీ అయినా అంతకు ముందు ఏడాది టర్నోవర్ 200 కోట్లకు చేరితే కంపెనీల చట్టం 138వ సెక్షన్ ప్రకారం ఇంటర్నల్ ఆడిట్ పెట్టుకోవాల్సిందే. అలాంటి ఒక ఫ్యాక్టరీ మా జిల్లాలోనే ఉంది, పేరు చెప్పను. ఏటా స్టోర్సు, కొనుగోళ్లు, లారీ బాడుగలు చూసి వచ్చేవాళ్లం. 2024-25కి మాత్రం హెడ్డాఫీసు వాళ్లు "ఈసారి నియామకాలు చూడండి" అన్నారు. కొత్తగా తీసుకున్న ప్రతి మనిషికీ అప్రూవల్ ఉందా, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిందా, మొత్తం మనుషులు బడ్జెట్‌కు లోబడే ఉన్నారా అన్నది తేల్చాలి.

హెచ్ఆర్ మేనేజర్ సారు మంచాయన. కూర్చోగానే టీ తెప్పించి, "మా దాంట్లో ఏముంది సార్ చూసేదానికి? బడ్జెట్లో 212 మంది, మార్చి 31కి ఉన్నది 209 మంది, ఇంకా ముగ్గురు తక్కువే" అన్నారు. నేను లెక్క సరిచూశాను, 209 నిజమే. జీతాల ఖర్చు కూడా బడ్జెట్ లోపలే ఉంది. ఇక్కడితో ఆపేస్తే "గమనించిన లోపాలు ఏమీ లేవు" అని రాసి మధ్యాహ్నం బస్సుకే ఇంటికి రావచ్చు.

ఈ పనిలో మొట్టమొదట చేయకూడనిది ఏమిటంటే, ఏడాదిలో కొత్తగా చేరినవాళ్ల లిస్టు హెచ్ఆర్ నుంచి తీసుకుని అందులోంచి శాంపిల్ ఏరుకోవడం. ఆ లిస్టులో ఉన్నవాళ్ల ఫైళ్లు ఎట్లాగూ బాగుంటాయి, మనకు కావాల్సింది ఆ లిస్టులో లేనివాళ్లు. అందుకే నేను పన్నెండు నెలల పేరోల్ షీట్లు, వాటికి ముందున్న 2024 మార్చి షీటు అకౌంట్స్ నుంచి తీసుకుని, ఏ నెలకా నెల ముందు నెలతో పోల్చాను. ఫార్ములా చిన్నదే, ఎంప్లాయీ కోడ్ A కాలమ్‌లో ఉంటే మే షీటులో ఇలా:

```
=COUNTIF(April!A:A, A2)
```

సున్నా వచ్చిందంటే ఆ మనిషి ముందు నెలలో లేడు, అంటే కొత్తగా వచ్చాడు. అలా వచ్చిన జాబితాను పీఎఫ్‌కు నెలనెలా వేసే ఈసీఆర్ ఫైలుతో కలిపి చూశాను. కాకపోతే ఈసీఆర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. బేసిక్ 15 వేలు దాటి, అంతకు ముందు ఎక్కడా పీఎఫ్ సభ్యత్వం లేనివాళ్లను బయట పెట్టే వీలుంది, వాళ్లు అందులో కనపడరు. వాళ్ల కోసం బ్యాంకుకు పంపిన జీతాల లిస్టు, గేటు దగ్గర బయోమెట్రిక్‌లో మొదటిసారి వేలు పెట్టిన తేదీ చూసుకోవాలి.

ఇంత చేస్తే హెచ్ఆర్ లిస్టులో లేని పేరు ఒకటి బయటపడింది. కాంట్రాక్టరు కింద ఏళ్ల తరబడి పనిచేసిన ఎలక్ట్రీషియన్‌ను కంపెనీ రోల్స్‌లోకి తీసుకున్నారు. "ఆయన కొత్తాయన కాదు కదా సార్, మనోడే" అన్నారు. మనోడే, కాదనను, కానీ రోల్స్‌లోకి రావడమంటే బడ్జెట్‌లో ఒక సీటు నింపడమే, ఆ సీటు నింపడానికి రిక్విజిషన్, అంటే మనిషి కావాలని అడిగి సంతకం తీసుకునే ఫారం, కావాలి, ఆయన ఫైల్లో అది లేదు. అది ఒక పాయింటుగా రాసుకుని ముందుకు పోయాను.

ఇక 212, 209 సంగతి. మొత్తం మొత్తంతో పోలిస్తే ఏమీ తెలియదు. డిపార్ట్‌మెంటు వారీగా, దాంట్లో మళ్లీ హోదా వారీగా విడగొట్టాలి. విడగొడితే ల్యాబ్‌లో కెమిస్టు పోస్టులు నాలుగు ఖాళీ, ప్యాకింగ్‌లో షిఫ్ట్ ఇంజనీర్లు మాత్రం నలుగురికి బదులు ఐదుగురు. మిగతా అన్ని చోట్లా సమానమే. నాలుగు తక్కువ, ఒకటి ఎక్కువ, కలిపితే మూడు తక్కువ. ల్యాబ్ ఖాళీలు ప్యాకింగ్‌లోని అదనపు మనిషిని కప్పేశాయి. జీతాల ఖర్చు బడ్జెట్ లోపల ఉండటానికి కారణం కూడా అదే, నాలుగు జీతాలు ఏడాదంతా మిగిలితే ఒక జీతం ఎక్కువైనా ఎవరికి కనిపిస్తుంది?

ఐదో ఇంజనీరు ఎలా వచ్చాడు? ఆ కంపెనీ రూలు ఏమిటంటే, మానేసిన మనిషి స్థానంలో ఇంకొకరిని తీసుకోవాలంటే ప్లాంట్ హెడ్ సంతకం చాలు. కొత్త పోస్టు కావాలంటే హెడ్డాఫీసులో ఎండీ, ఫైనాన్స్ హెడ్ ఇద్దరూ ఒప్పుకోవాలి. రిక్విజిషన్ ఫారంలో "ఎవరి స్థానంలో" అనే గడి ఉంటుంది, అక్కడ మానేసిన మనిషి ఎంప్లాయీ కోడ్ రాస్తారు. ఆ ఏడాది వచ్చిన ఫారాలన్నిటి నుంచీ ఆ కోడ్లను ఒక కాలమ్‌లో కొట్టించి, ఏ కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను:

```
=COUNTIF(F:F, F2)
```

అన్నీ ఒకటి ఒకటి వచ్చాయి, ఒక్క కోడ్‌కు మాత్రం 2. జూన్‌లో మానేసిన ప్యాకింగ్ ఇంజనీరు కోడ్ అది. ఆయన బదులు ఆగస్టులో ఒకాయన చేరాడు. అదే మనిషి బదులు నవంబర్ 18న ఇంకొకాయన చేరాడు! ఒకరు మానేస్తే ఇద్దరొచ్చారన్నమాట.

ఆ రెండో ఫైలు బయటికి తీశాం. కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. రిక్విజిషన్ అక్టోబర్ 4, ఇంటర్వ్యూ మార్కుల షీటు, ఆఫర్ లెటర్ అక్టోబర్ 30, జాయినింగ్ నవంబర్ 18. తేదీలు ఎక్కడా అటూ ఇటూ కాలేదు. పైపైన టిక్కులు పెట్టుకుంటూ పోయేవాళ్లకు ఇది పాసయ్యే ఫైలు. నాకు మాత్రం ఆ ఫారం మిగతావాటి కంటే కొంచెం వేరుగా అనిపించి, దాన్ని ఆగస్టు ఫారం పక్కన పెట్టి చూశాను. ఆగస్టు దాంట్లో లేని ఒక గడి దీంట్లో ఉంది. కింద ఫుటర్‌లో, చీమ తలంత అక్షరాల్లో, ఫార్మాట్ నంబరు, దాని పక్కన "రివిజన్ 3, అమలు తేదీ 01-12-2024". డిసెంబర్‌లో పుట్టిన ఫారం మీద అక్టోబర్‌లో సంతకం ఎట్లా పడుతుంది? ఐఎస్ఓ వాళ్ల కోసం పెట్టుకునే ఆ ఫుటర్‌ను ఎవరూ చదవరు, అందుకే ఎవరికీ దాన్ని మార్చాలన్న ఆలోచన రాలేదు. మనిషి చేరిన తర్వాతే ఆ అప్రూవల్ తయారైంది.

అప్రూవల్ పరీక్షించేటప్పుడు సంతకం ఉందా లేదా కంటే అది ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. దానికి సంతకం పక్కన రాసిన తేదీని నమ్మకుండా, వేరే చోట ఉన్న ఇంకో తేదీతో పోల్చాలి. మెయిల్ పంపిన రోజు, రిజిస్టర్‌లో వరస నంబరు, ఇలాంటి ఫుటర్, ఏదో ఒకటి దొరుకుతుంది. మెయిల్‌లో అప్రూవల్ నడిచే కంపెనీల్లో ఈ తంటా తక్కువ.

ప్లాంట్ హెడ్‌గారిని కలిశాం. ఆయన దాచలేదు. "మూడో షిఫ్టు మొదలుపెట్టమన్నది హెడ్డాఫీసు వాళ్లే. మనిషిని అడిగితే ఫైలు మూడు నెలలు కదలదు. రాత్రంతా గేటు బయట లారీలు నిలబడితే ఎవురు సమాధానం చెప్తారప్పా?" అన్నారు. నా వరకు ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మనిషి నిజంగా ఉన్నాడు, పని చేస్తున్నాడు, బయోమెట్రిక్‌లో రోజూ కనిపిస్తున్నాడు, దొంగ పేరు మీద జీతం లాగిన కేసు కాదిది. కానీ అవసరం నిజమైతే "మూడో షిఫ్టుకు అదనపు పోస్టు" అనే రాయాలి కదా. రీప్లేస్‌మెంట్ అని రాస్తే ఆ షిఫ్టుకు అసలు ఎంత ఖర్చవుతోందో హెడ్డాఫీసుకు ఎప్పటికీ తెలియదు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో లోపం కూడా ఇదే ఫైల్లో దొరికింది. ఏజెన్సీ డిసెంబర్‌లో మధ్యంతర రిపోర్టు పంపింది. చదువు, అడ్రసు గ్రీన్, పాత కంపెనీ దగ్గర మాత్రం ఆంబర్, "జవాబు రాలేదు" అని. ఆంబర్ అంటే తప్పు దొరికిందని కాదు, ఇంకా తేలలేదని. తేల్చే పని ఎవరిదో రాసిపెట్టి లేకపోతే అది అలాగే ఉండిపోతుంది. ప్రొబేషన్ ఆరు నెలలు, కన్ఫర్మ్ చేసే ముందు రిపోర్టు ముగించాలని పాలసీలో ఉంది. మే నెలలో కన్ఫర్మేషన్ లెటర్ మాత్రం తన దారిన తాను వెళ్లిపోయింది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఆరు నెలలు నిండినవాళ్లందరికీ ఒక్కసారే లెటర్లు తీస్తుంది, ఏజెన్సీ రిపోర్టులు ఎక్కడో మెయిల్‌లో ఉంటాయి. రిపోర్టు ఉందా అని మాత్రమే అడిగితే "ఉంది" అనే జవాబు వస్తుంది. ముగిసిందా, కన్ఫర్మేషన్‌కు ముందే ముగిసిందా అని అడగాలి.

పాత కంపెనీ పలకకపోతే ఏం చేయాలి? ఆ ఉద్యోగి చేతే ఆయన పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, తెరిపించి సర్వీస్ హిస్టరీ చూడటం ఒక దారి. అది ఆయన సొంత సమాచారం, ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది, కాబట్టి ఆయన ఒప్పుకుంటేనే, హెచ్ఆర్ సమక్షంలోనే చూడాలి. ఆయన సరే అన్నాడు. తెరిస్తే పాత కంపెనీలో మానేసిన తేదీ దగ్గర "NOT AVAILABLE" అని ఉంది, అంటే రికార్డు ప్రకారం ఆయన అక్కడా ఇక్కడా రెండు చోట్లా పనిచేస్తున్నట్టే. హెచ్ఆర్ అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది, "ఇదేందన్నా, రెండు ఉద్యోగాలా?" అని. తొందరపడకుండా పీఎఫ్ పాస్‌బుక్ చూడమన్నాను. పాత కంపెనీ నుంచి ఆఖరి జమ అక్టోబర్ జీతానిది, ఆ తర్వాత ఒక్క రూపాయి లేదు. రెండు చోట్లా జీతం తీసుకుని ఉంటే నవంబర్, డిసెంబర్ జమలు కూడా కనిపించేవి. పాత యజమాని ఎగ్జిట్ తేదీ వేయకుండా వదిలేశాడు, అంతే, చాలా మందికి ఇలాగే ఉంటుంది. పీఎఫ్ లేని చోట పనిచేసి ఉంటే మాత్రం ఈ పద్ధతిలో ఏమీ తెలియదు, ఆ సంగతి రిపోర్టులోనే రాశాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది రిపోర్టులో మాటల దగ్గర. నేను మొదట "అప్రూవల్ వెనక తేదీతో తయారు చేశారు" అని రాస్తే, హెచ్ఆర్ సారు "అది దొంగతనం అన్నట్టుంది సార్, మా పిల్లల భవిష్యత్తు" అన్నారు. ఎవరి ఉద్దేశం ఏమిటో చెప్పడం నా పని కాదు కాబట్టి, "04-10-2024 తేదీ గల రిక్విజిషన్ 01-12-2024 నుంచి అమలైన ఫార్మాట్‌పై ఉంది" అని వాస్తవం మాత్రమే పెట్టాను. ఆయన దానికి ఒప్పుకున్నారు. చదివేవాళ్లకు అర్థం కావడానికి అంతే చాలు, రిస్కు రేటింగ్ "హై" నుంచి మాత్రం తగ్గించలేదు.

మేనేజ్‌మెంట్ ఇచ్చిన జవాబులో నాకు నచ్చింది ఒకటుంది. బడ్జెట్‌లోని 212 సీట్లకూ ఒక్కోదానికి పొజిషన్ నంబరు ఇచ్చారు, ఆ నంబరు ఖాళీగా ఉంటేనే పేరోల్‌లో కొత్త ఎంప్లాయీ కోడ్ పుడుతుంది. ఐదో ఇంజనీరు పోస్టుకు హెడ్డాఫీసు నుంచి అప్రూవల్ వచ్చింది, వెనక తేదీ వేయకుండా వచ్చిన రోజు తేదీతోనే. కన్ఫర్మేషన్ లెటర్ల లిస్టును ఏజెన్సీ రిపోర్టులతో సరిచూసి సంతకం పెట్టే బాధ్యత ఆ హెచ్ఆర్ అమ్మాయికి అప్పగించారు. ఇక ప్యాకింగ్‌లో బస్తాలెత్తే కాంట్రాక్టు మనుషులు ఈ 212లో లేనే లేరు. వాళ్ల లెక్క కాంట్రాక్టరు బిల్లులు, గేటు పంచ్‌లు పక్కపక్కన పెట్టి చూడాల్సిన వేరే పని, దాన్ని వచ్చే క్వార్టర్ స్కోపులో పెట్టించుకున్నాం.