మా మూడో కాఫీ బ్లెండ్‌కు పేరు కుదిరిన తీరు

హనుమకొండలో మేము నడుపుతున్న రోస్టరీ చాలా చిన్నది. విడతకు 5 కిలోల పచ్చి గింజలు పట్టే డ్రమ్ము, పొడి పట్టే మర, ముందు గదిలో అమ్మకపు బల్ల, ఇదే మా సరంజామా. మొన్నటి వరకు మా దగ్గర రెండు బ్లెండ్లే ఉండేవి. మొదటిది ‘పొద్దుగాల’. అందులో రోబస్టా ఎక్కువ, ప్లాంటేషన్ అరబికా తక్కువ, నూటికి 20 పాళ్లు చికోరీ. ఫిల్టర్‌లో చిక్కటి డికాక్షన్ దిగి, ఎన్ని పాలు పోసినా రంగు నిలిచేలా దాన్ని ముదురుగా వేయిస్తాము. రెండోది ‘ముచ్చట’. అందులో చికోరీ లేదు, అరబికా, రోబస్టా చెరి సగం. పాలతోనే తాగేదైనా మెత్తగా ఉంటుంది, ఒకటికి రెండు కప్పులు పోసుకుని కూర్చునే వాళ్లు దాన్ని అడుగుతారు.

మూడోది ఈ రెండింటికీ పూర్తిగా వేరు. అరకు నుంచి వచ్చిన వాష్డ్ అరబికా, అంటే పండు గుజ్జు తీసి కడిగి ఎండబెట్టినది, 70 పాళ్లు, పండుతో పాటే ఎండబెట్టిన చిక్కమగళూరు అరబికా 30 పాళ్లు. వేగుతున్న గింజలు మొదటిసారి చిటపటమనే ఫస్ట్ క్రాక్ ముగిశాక కొంతసేపు ఉంచి, రెండో క్రాక్ మొదలు కాకముందే దింపుతాము. పాలు అక్కరలేని కాఫీ ఇది. పాలు, చక్కెర లేకుండా కాఫీ తాగే అలవాటు మా ఊళ్లో ఇంకా తక్కువ కాబట్టి, పేరే దీని స్వభావాన్ని కొంత చెప్పకపోతే కొన్నవాళ్లు ఇంటికి వెళ్లి పాలు పోసుకుని, పలుచగా ఉందని తిరిగి తెస్తారని నాకు ముందే అనిపించింది.

అందుకని పేర్ల కాగితం తీయకముందు రుచి చూసే పని పెట్టుకున్నాము. వేయించిన గింజలను కొన్ని రోజులు ఆరనిచ్చి, మూడు బ్లెండ్లనూ పక్కపక్కన, అంకెలు మాత్రమే వేసిన కప్పుల్లో, లీటరు నీటికి 55 గ్రాముల లెక్కన పోశాము. నాలుగు నిమిషాలకు పైన తేలిన పొరను చెంచాతో విరిచి వాసన చూడడం, తేట పడ్డాక చెంచాతో జుర్రుకోవడం రోస్టర్లందరూ చేసే పనే. మేము అదనంగా చేసింది ఒక్కటే. ప్రతి కప్పునూ వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, పూర్తిగా ఆరాక ఇంకోసారి చూడమన్నాము. వచ్చిన వాళ్లలో మా పాత ఖాతాదారులు, ఎన్‌ఐటీలో చదివే పిల్లలు, జీవితంలో చాయ్ తప్ప మరొకటి తాగని మా పెదనాన్న ఉన్నారు. ఎవరినీ ‘ఏ రుచి తగిలింది’ అని అడగలేదు. అలా అడిగితే మనుషులు పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోయి, ఎక్కడో చదివిన మాటలు చెబుతారు. దీన్ని ఏ వేళ తాగుతారు, ఒంటరిగానా నలుగురిలోనా, ఇది మనిషైతే గుమ్మంలోకి రాగానే మొదట ఏమంటుంది, ఈ మూడే అడిగాము.

మొదటి రెండు కప్పులకు వచ్చిన జవాబులు మేము పెట్టుకున్న పేర్లతో బాగానే కలిశాయి. మూడో కప్పుకు వచ్చినవే ఆలోచింపజేశాయి. వేడిగా ఉన్నప్పుడు చాలామంది మొహం ముడిచారు. బత్తాయి పులుపు ఒక్కసారిగా నాలుకకు తగిలి, ‘కోపిష్టి మనిషి’ అన్నవాళ్లున్నారు. అదే కప్పు గోరువెచ్చన అయ్యేసరికి మాట మారింది. పులుపు వెనక్కి తగ్గి బెల్లపు తీపి పైకి వచ్చింది. చివర్లో మా పెదనాన్న, “ఇగో, ఇప్పుడు మంచిగున్నది, గిట్లనే ముందు ఇయ్యకపోతిరి!” అన్నారు. నాలుక కాలేంత వేడిలో తీపీ పులుపూ సరిగా విడివడి తెలియవు కాబట్టి, ఏ మంచి కాఫీ అయినా ఆరేకొద్దీ కొంత తేరుకుంటుంది. కానీ ఇందులో ఆ తేడా మిగతా రెండింటికంటే ఎంతో ఎక్కువ. అంటే ఈ బ్లెండ్ స్వభావం దాని పులుపులోనూ లేదు, తీపిలోనూ లేదు. ఆగి తాగినవాడికే అది దొరుకుతుంది. పేరు చెప్పాల్సింది ఆ ఒక్క సంగతేనని అప్పుడు తేలింది, అప్పటి వరకు రాసుకున్న వాటిలో చాలా పేర్లు వాటంతట అవే రాలిపోయాయి.

ఊరి పేర్లను వదులుకోవడానికి మాత్రం మా తమ్ముడితో కొంత వాదన అయింది. కాకతి, తోరణం, రామప్ప అని వాడు వరుసగా చెప్పాడు. వరంగల్‌లో టైర్ల దుకాణం నుంచి కల్యాణ మండపం దాకా కాకతీయ పేరు లేని వీధి ఉండదు, కాబట్టి ఆ పేరుతో మా ప్యాకెట్టు ఎవరికీ గుర్తుండదు. తోరణం బొమ్మ 2014 నుంచి రాష్ట్ర అధికార చిహ్నంలో ఉంది, దాన్ని వేస్తే ప్రభుత్వ సరుకేమోనన్న భ్రమ కలుగుతుంది. రామప్ప గుడి. మత విశ్వాసాలను నొప్పించే అవకాశమున్న గుర్తులకు 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం రిజిస్ట్రేషన్ ఇవ్వదు, ఆ గొడవ లేకపోయినా గుడి పేరున్న ప్యాకెట్టును చించి చెత్తబుట్టలో వేయడానికి మా అమ్మే ఒప్పుకోదు. వీటన్నింటికంటే పెద్ద అభ్యంతరం, ఆ పేర్లు మా ఊరి గురించి చెబుతాయి గానీ కప్పులో ఉన్నదాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు.

అరకు పేరు పెట్టకపోవడానికి కారణం వేరు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరును సరుకు పేరుగా వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. పైగా మాది ఒకే చోటి కాఫీ కాదు, కలిపినది. అరబికా కోత నవంబరు ప్రాంతంలో మొదలై చలికాలమంతా సాగుతుంది, కొత్త పంట వచ్చిన ప్రతిసారీ రుచి ఎంతో కొంత మారుతుంది. అప్పుడు 70ని 60 చేయాల్సి రావచ్చు, చిక్కమగళూరు గింజల బదులు కొడగు గింజలు తేవాల్సి రావచ్చు. తోట పేరు బ్లెండ్‌కు పెడితే పాళ్లు మారిన రోజున పేరు అబద్ధమవుతుంది. గింజలు ఎక్కడివో ప్యాకెట్టు వెనక ఆ విడతకు ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

చివరికి బల్ల మీద మిగిలినవి ‘జర ఆగు’, ‘నిమ్మళం’. మొదటి రెండు బ్లెండ్ల పేర్లూ ఇక్కడి ఇళ్లలో రోజూ వినిపించే మాటలు కాబట్టి మూడోదీ ఆ పోగులోనే ఉండాలనుకున్నాము. మా ఇంట్లో అందరికీ నచ్చింది ‘జర ఆగు’. ప్యాకెట్టే మనిషిని ఆపి మాట్లాడినట్టుందని తమ్ముడు మురిసిపోయాడు. నాకూ ముచ్చటగానే అనిపించింది, కానీ మా అమ్మకాల్లో సగం ఫోను మీద జరుగుతాయి. జనగామ, పరకాల నుంచి ఫోను చేసి పావు కిలో, అర కిలో చెప్పి బస్సులో వేయించుకునే వాళ్లే ఎక్కువ. అందుకని ప్యాకింగ్ చూసే అమ్మాయిని లోపల కూర్చోబెట్టి, తెలిసిన వాళ్ల చేత మూడు పేర్లూ కలిపి ఆర్డర్లు చెప్పించాము. అవతలివాళ్లు “పొద్దుగాల అర కిలో, జర ఆగు...” అనగానే ఆ అమ్మాయి కలం పట్టుకుని మర్యాదగా ఆగిపోయింది. అవతలివాళ్లు ఈమె రాసుకుంటుందని ఆగారు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఆ పేరు అక్కడితో సరి.

‘నిమ్మళం’ ఆ పరీక్షలో నెగ్గింది. పొద్దుగాల, ముచ్చట, నిమ్మళం, మూడూ వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి, రొద ఉన్న బస్టాండు నుంచి చెప్పినా ఒకదాన్ని మరొకటిగా ఎవరూ రాసుకోలేదు. కానీ నమూనా ప్యాకెట్టును బల్ల మీద పెట్టిన తర్వాత కొందరు “ఇందులో నిమ్మకాయ కలుపుతరా అన్నా?” అని అడగడం మొదలుపెట్టారు. ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. లేని పదార్థం ఉందనిపించే లేబుల్ ఆహార చట్టం దృష్టిలో తప్పుదోవ పట్టించేదే, పాలలో నిమ్మరసం అన్న ఊహే కాఫీకి చేటు. పేరు వదులుకుందామా అని కొంత ఊగిసలాడి, అడిగిన వాళ్లు ఏం చూసి అడిగారో కనుక్కున్నాము. ఫోనులో విన్నవాళ్లెవరికీ ఆ అనుమానం రాలేదు, ప్యాకెట్టు చూసినవాళ్లకే వచ్చింది. సన్నటి ప్యాకెట్టులో అక్షరాలు పెద్దగా కనబడాలని డిజైనర్ ‘నిమ్మ’ను పై వరుసలో, ‘ళం’ను కింది వరుసలో వేశారు, పైగా అట్ట పసుపు రంగు. పేరును ఒకే వరుసలోకి తెచ్చి, అట్టను మట్టి రంగుకు మార్చి, కింద ‘పాలు లేకుండా, కాస్త ఆరనిచ్చి తాగే కాఫీ’ అని ఒక వాక్యం చేర్చాము. ఆ తర్వాత నిమ్మకాయ మాట అరుదుగా తప్ప వినబడలేదు.

ట్రేడ్ మార్కు వెతుకులాట నిజానికి దీనికంటే ముందే చేశాము. కాఫీ 30వ తరగతిలోకి వస్తుంది. రిజిస్ట్రీ వెబ్‌సైటులో పేరును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి కాబట్టి NIMMALAM ఒక్కటే చూస్తే సరిపోదు, NIMALAM, NIMMALAMU వంటి రూపాలను కూడా చూడాలి, ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతినీ వాడాలి. ఆ తరగతిలో మాకు అడ్డొచ్చేది ఏదీ కనబడకపోవడంతో దరఖాస్తు పెట్టాము. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. గుర్తు తెలుగు లిపిలో ఉంటే దాని ఉచ్చారణను, అర్థాన్ని హిందీలోనో ఇంగ్లిషులోనో రాసివ్వాలి. సరుకు రకాన్నో గుణాన్నో మాత్రమే చెప్పే మాటలను ట్రేడ్ మార్కుల చట్టం మామూలుగా ఒప్పుకోదు, కనుక ‘చిక్కటి’, ‘కమ్మటి’ లాంటి పేర్లు మనకు ఎంత నచ్చినా అక్కడ నిలవడం కష్టం. నిమ్మళం తాగే మనిషి తీరును చెబుతుంది గానీ పొడి గుణాన్ని నేరుగా చెప్పదు, ఆ తేడా మాకు కలిసొస్తుందని దరఖాస్తు చూసిన న్యాయవాది అన్నారు. తుది ఉత్తర్వు ఇంకా రాలేదు.

పేరు పెట్టిన తర్వాత మా రోస్టింగ్ పుస్తకంలో ఒక నియమం రాసుకున్నాము. కొత్త పంట గింజలతో పాళ్లు మార్చినప్పుడల్లా పాత విడత పొడి కప్పును పక్కన పెట్టుకుని, ఆరాక తీపి పైకి వస్తున్నదా లేదా చూడాలి. రాకపోతే ఆ విడత ఎంత మంచి కాఫీ అయినా దానిపై నిమ్మళం అట్ట అంటించకూడదు, పేరు లేని సంచిలో తక్కువ ధరకు అమ్మాలి. ఈ ఏడాది చిక్కమగళూరు నుంచి వచ్చిన మొదటి బస్తా అలాగే సంచుల్లోకి వెళ్లింది, రెండో బస్తాకు 30 పాళ్లను 35 చేశాక తీపి పైకి వచ్చింది.