ఇంకా ఎన్ని రెప్స్ మిగిలాయో తెలుసుకోవడం: నా అనుభవం

బరువులెత్తడం మొదలుపెట్టిన కొత్తలో మా కోచ్ రాసిచ్చిన ప్లాన్‌లో ప్రతి వ్యాయామం పక్కన మూడు అంకెలు ఉండేవి. బెంచ్ ప్రెస్ అయితే 3 సెట్లు, 8 రెప్స్, ఆర్‌ఐఆర్ 2. బరువును ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆపకుండా చేసే రెప్స్ విడత ఒక సెట్. మొదటి రెండూ లెక్కపెట్టుకోగలిగినవే. మూడోది మాత్రం పూర్తిగా అంచనా మీద నడిచేది. ఆర్‌ఐఆర్ అంటే రెప్స్ ఇన్ రిజర్వ్, అంటే సెట్ ఆపే సమయానికి ఫామ్ చెడకుండా ఇంకా ఎన్ని రెప్స్ చేయగల శక్తి మిగిలి ఉందన్న లెక్క. సున్నా అంటే ఇక ఒక్క రెప్ కూడా లేవదని అర్థం. ఎంత బలంగా నెట్టినా బార్ మధ్యలోనే ఆగిపోతే దాన్ని ఫెయిల్యూర్ అంటారు.

ఫెయిల్యూర్ ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడనివారు దానికి రెండు రెప్స్ ముందు ఎలా ఆగగలరన్నది నా మొదటి సందేహం. అదే మా కోచ్‌ని అడిగాను. ఆయన నన్ను లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద కూర్చోబెట్టి, "ఇంకా రెండే చేయగలను అనిపించినప్పుడు గట్టిగా 'రెండు' అని చెప్పు తమ్ముడూ, కానీ ఆపొద్దు" అన్నారు. పన్నెండో రెప్ దగ్గర తొడలు మంటెక్కిపోతుంటే 'రెండు' అన్నాను. ఆయన "కానివ్వు" అంటూ లెక్కపెడుతూ పోయారు. పంతొమ్మిదోది పూర్తయ్యాక, తర్వాతి ప్రయత్నంలో కాళ్లు సగం దాకా వెళ్లి అక్కడే నిలిచిపోయాయి. రెండే మిగిలాయనుకున్న చోట నిజానికి ఏడు ఉన్నాయి.

ఆయన ఆ మెషీన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ ఫెయిల్ అయితే ప్లేట్లు కిందికి దిగిపోతాయి, అంతే. స్క్వాట్‌లో అదే పరిస్థితి వస్తే బార్ భుజాల మీద ఉంటుంది, బెంచ్ ప్రెస్‌లో ఛాతీ మీద ఉంటుంది. అందువల్ల కొత్తవారు తమ హద్దును కళ్లారా చూడవలసింది లెగ్ ఎక్స్‌టెన్షన్, చెస్ట్ ప్రెస్ మెషీన్, కేబుల్ పుష్‌డౌన్ వంటి వాటి మీద, అదీ చివరి సెట్‌లో, అప్పుడప్పుడు మాత్రమే. మిగతా సెట్లన్నీ ముందే ఆపాలి. అంటే ఫెయిల్యూర్‌కి కొత్తవారి ప్లాన్‌లోనూ చోటుంది, కాకపోతే అది కొలబద్దగా ఉండే చోటు.

నన్ను పక్కదారి పట్టించింది మంట. పదిహేను, ఇరవై రెప్స్ దాకా సాగే తేలికపాటి సెట్లలో మంట చాలా ముందే మొదలవుతుంది కాబట్టి దాన్ని నమ్ముకుంటే సెట్ తొందరగా ఆగిపోతుంది. నమ్మదగిన గుర్తు వేగం. ఫోన్‌ను పక్కనుంచి పెట్టి బెంచ్ ప్రెస్ వీడియో తీసుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి నాలుగైదు రెప్స్ దాదాపు ఒకే వేగంతో పైకి వెళ్తాయి. అదే బలంతో నెడుతున్నా బార్ తనంతట తానే నెమ్మదించడం మొదలైతే మిగిలినవి కొద్ది రెప్సేనని గ్రహించాలి. మోచేతులు సగం తెరుచుకున్న దగ్గర బార్ ఒక క్షణం ఆగినంత పని చేసి తర్వాత కదిలితే మిగిలింది ఒకటి, లేదా అదీ లేదు. సెట్ అయిన వెంటనే నా అంచనాను నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే వీడియో చూసేవాడిని. చూశాక రాస్తే కన్ను చెప్పిందే రాస్తాం తప్ప శరీరం చెప్పింది రాయం.

అనుభవంతో ఈ అంచనా మారుతుందని చూపిన ఒక అధ్యయనం ఉంది. 2016లో మైఖేల్ జౌర్డోస్ బృందం స్క్వాట్‌లో అనుభవం ఉన్నవారిని, కొత్తవారిని తీసుకుని, ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగిన గరిష్ఠ బరువును ఎత్తించి, ఎంత కష్టమైందో పదికి అంకె వేయమంది. ఆ స్కేలులో 10 అంటే ఏమీ మిగల్లేదని, 8 అంటే రెండు మిగిలాయని అర్థం. అనుభవజ్ఞులు సగటున 9.8 వేస్తే కొత్తవారు 9 దగ్గరే ఆగారు. తమ గరిష్ఠ బరువు దగ్గర కూడా కొత్తవారికి కొంత మిగిలినట్టే అనిపించిందన్నమాట. కాబట్టి కొత్తవారి నోట్‌బుక్‌లో ఆర్‌ఐఆర్ 2 అని కనిపిస్తే దాన్ని రెండుగా కాకుండా రెండు నుంచి ఆరు దాకా ఏదైనా కావచ్చని చదువుకోవడం మంచిదని నేననుకుంటాను.

ఇంత దూరంలో ఆగినా కొత్తవారికి పెద్దగా నష్టం లేదు. మొదటి నెలల్లో బలం పెరగడానికి ప్రధాన కారణం నాడీ వ్యవస్థ ఆ కదలికను నేర్చుకోవడమే. ఆ నేర్చుకోవడానికి చక్కగా చేసిన రెప్స్ కావాలి. స్క్వాట్‌లో కొత్తవారికి కండరం అలిసేలోపే ఫామ్ చెడుతుంది. పిరుదులు ముందు లేచి ఛాతీ కిందికి వాలిపోతే ఆ రెప్‌తో సెట్ ముగిసినట్టే, కాళ్లలో ఇంకా ఎంత శక్తి ఉన్నా సరే.

కొన్నేళ్లు గడిచి బరువులు పెరిగాక నా ప్రశ్న మారింది. అంచనా కుదిరింది కాబట్టి, ఇక అన్ని సెట్లూ ఫెయిల్యూర్ దాకా తీసుకెళ్తే కండ ఇంకా బాగా పెరుగుతుందా అని బార్ లేవకపోతే అందుకోవడానికి పక్కన ఒక స్పాటర్‌ను పెట్టుకుని బెంచ్ ప్రెస్‌లో పరీక్షించాను. 60 కిలోలతో, సెట్ల మధ్య రెండు నిమిషాల విశ్రాంతితో 10, 7, 5 వచ్చాయి, మొత్తం 22. మరో వారం అదే బరువుతో మొదటి రెండు సెట్లను రెండు రెప్స్ మిగిలి ఉన్నాయనిపించగానే ఆపేశాను. 8, 8 వచ్చాయి. మూడో సెట్‌లో ఒక్కటి మిగిలిందనిపించేసరికి 7 అయ్యాయి, మొత్తం 23. మొదటి పద్ధతిలో ఎక్కువ అలసటతో తక్కువ పని జరిగింది. తేడా అక్కడితో ఆగలేదు. ఫెయిల్యూర్ వారంలో, రెండు రోజుల తర్వాత చేసిన ఓవర్‌హెడ్ ప్రెస్‌లో కూడా ట్రైసెప్స్ తేరుకోలేదని మొదటి సెట్‌లోనే బార్ వేగం చెప్పేసింది.

అలాగని ఫెయిల్యూర్‌ను పక్కన పెట్టేయలేం. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, బలం పెరగడానికి ఫెయిల్యూర్‌కి ఎంత దగ్గరగా వెళ్లామన్నది అంత ముఖ్యంగా కనిపించదు, కండ పెరుగుదల మాత్రం దగ్గరయ్యే కొద్దీ కొంత మెరుగుపడుతుంది. బరువును బట్టి కూడా లెక్క మారుతుంది. బరువు ఎక్కువగా ఉన్నప్పుడు బలమైన కండరపు పోగులు మొదటి రెప్ నుంచే పనిలోకి దిగుతాయి. తేలికపాటి బరువుతో అయితే, అవి దిగేది సెట్ చివర్లో మిగతా పోగులు అలిసిపోయాక. 8 కిలోల డంబెళ్లతో సైడ్ రెయిజ్ చేసేటప్పుడు ఆరు రెప్స్ మిగుల్చుకుని ఆపేస్తే భుజానికి అందేది తక్కువే. అందుకే ఏళ్ల తరబడి చేస్తున్నవారికి ఫెయిల్యూర్ పనికొచ్చేది ముఖ్యంగా ఇక్కడ, అంటే ఒకే కీలు కదిలే చిన్న వ్యాయామాల చివరి సెట్లలో. వాటి అలసట మర్నాటికి పెద్దగా మిగలదు, ఫెయిల్ అయినా మీద పడే బార్ ఉండదు.

ప్రస్తుతం నా స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ సెట్లు రెండు మూడు రెప్స్ మిగిలి ఉండగానే ఆగుతాయి. బెంచ్ ప్రెస్‌లో చివరి సెట్‌ను ఒక్కటి మిగిలేదాకా తీసుకెళ్తాను, అదీ సేఫ్టీ పిన్నులు ఛాతీకి సరైన ఎత్తులో ఉంటేనే. కర్ల్స్, సైడ్ రెయిజ్, లెగ్ ఎక్స్‌టెన్షన్‌ల చివరి సెట్ మాత్రం ఫెయిల్యూర్ దాకా వెళ్తుంది. ఈమధ్యే జిమ్‌లో చేరిన మా మేనల్లుడు మొన్న లెగ్ ఎక్స్‌టెన్షన్ మీద పదో రెప్ దగ్గరే "రెండు, మావయ్యా" అన్నాడు. ఆపకుండా చేయమంటే పదహారు దాకా వచ్చాడు. వాడి నోట్‌బుక్‌లో స్క్వాట్ పక్కన ప్రస్తుతానికి ఆర్‌ఐఆర్ 3 అని రాశాను. వాడి అంచనాకూ మెషీన్ చూపిన లెక్కకూ మధ్య తేడా ఒకటి రెండు రెప్స్‌కి తగ్గాక ఆ అంకెను మళ్లీ చూస్తాం.